డబ్బా మీద 6400, ఫిల్ములోంచి 1560

గుణదలలో ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా మేరీమాత ఉత్సవాలు జరుగుతాయి. ఇప్పుడంటే కొండెక్కే ప్రతివారి చేతిలోనూ సెల్‌ఫోనే కానీ, 1990ల్లో ఆ జ్ఞాపకం మిగలాలంటే ఫిల్ము రీలు ఉండాల్సిందే. కొండను వెనకేసుకుని ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి దిగిన ఫొటోలు బెజవాడ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆల్బంలో ప్రింటు ఎర్రబారి ఉంటుంది. స్టూడియో కవర్లోనో బీరువా అడుగునో పడి ఉన్న నెగటివ్‌లో మాత్రం ఆ ప్రింటు కన్నా ఎక్కువ వివరమే దాగి ఉంటుంది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిద్దామని స్కానర్ కొనబోయినవారిని మొట్టమొదట బోల్తా కొట్టించేది డబ్బా మీది అంకె.

ఇళ్లలోనూ చిన్న స్టూడియోల్లోనూ వాడే ఎప్సన్ వీ600నే చూద్దాం. దాని వివరాల్లో 6400 డీపీఐ అని ఒకటి, 9600 అని ఒకటి, 12800 అని మరొకటి కనిపిస్తాయి. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క. 6400 అన్నది సెన్సర్ అడ్డంగా ఎన్ని చుక్కలు చదవగలదో చెబుతుంది. 9600 మోటారు లెక్క: సెన్సర్ బండిని నిలువునా ఎంత చిన్న అడుగులతో జరపగలదో అది. ఇక 12800 పూర్తిగా ఇంటర్‌పొలేషన్. రెండు చుక్కల మధ్య ఏముండవచ్చో సాఫ్ట్‌వేరు ఊహించి కొత్త చుక్కలు పోస్తుంది. పాలలో నీళ్లు పోసి కొలత పెంచడమే ఇది. పాత్ర నిండుతుంది, పాలు పెరగవు.

ఇంటర్‌పొలేషన్ సంగతి చాలామందికి తెలుసు. అంతగా తెలియనిది ఏమిటంటే, కంపెనీ ‘ఆప్టికల్’ అని చెప్పే 6400 కూడా చేతికి రాదు. సెన్సర్ ముందు అద్దముంది, లెన్సుంది, వాటికీ హద్దులున్నాయి. లెన్సు దగ్గరే అలికేసిన గీతను సెన్సర్ ఎన్ని చుక్కలుగా చదివినా అలికిన గీతే వస్తుంది. దీన్ని కొలవడానికి రానురాను సన్నబడే గీతల జంటలు ముద్రించిన ఒక ఫిల్ము ముక్క ఉంది, పేరు యూఎస్ఏఎఫ్ 1951 టార్గెట్. స్కాన్‌లో ఏ జంట దాకా గీతలు విడివిడిగా కనిపిస్తాయో చూసి, మిల్లీమీటరుకు ఎన్ని జంటలో లెక్కించి, ఆ సంఖ్యను రెండుతోనూ 25.4తోనూ గుణిస్తే అసలు డీపీఐ తేలుతుంది. ఇలా పరీక్షించినవారికి వీ600లో దొరికింది 1560 దరిదాపుల్లో. ఫిల్ముకే ప్రత్యేకంగా చేసిన ప్లస్‌టెక్ 8100 తన 7200లో సగం దరిదాపుల్లోనే ఇస్తుంది. నికాన్ కూల్‌స్కాన్ 5000 మాత్రం 4000 అని చెప్పి 3900 ఇచ్చింది. మాట మీద నిలబడ్డ ఆ యంత్రాన్నే కంపెనీ తయారు చేయడం మానేసింది!

మన ఉత్సవం ఫొటోకు ఈ లెక్క వేసి చూద్దాం. 35 ఎంఎం ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. వీ600లో 6400 దగ్గర స్కాన్ చేస్తే దాదాపు 9070 అడ్డం, 6050 నిలువు, అంటే ఐదున్నర కోట్ల చుక్కల ఫైలు. అందులో నిజంగా ఫిల్ములోంచి వచ్చిన వివరం 1560 లెక్కన 2210 అడ్డం, 1470 నిలువు, అంటే ముప్పై మూడు లక్షల చుక్కలకు సరిపడేది. పోస్ట్‌కార్డు సైజు ప్రింటుకు అది ధారాళంగా చాలు, ఏడంగుళాల వెడల్పు దాకా కూడా బాగుంటుంది. గోడకు పెద్ద ఫ్రేము కట్టించాలంటే చాలదు. అలాంటి యంత్రం మీద 3200 దగ్గర స్కాన్ చేసి, తర్వాత సగానికి తగ్గించుకోవడం మేలు. వివరం పోదు, చీకటి భాగాల్లో గరుకుదనం తగ్గుతుంది, డిస్కు నిండదు.

టార్గెట్ లేనివారు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒకే ఫ్రేమును 1600 దగ్గరా 6400 దగ్గరా స్కాన్ చేసి, చిన్నదాన్ని సాఫ్ట్‌వేరులో పెద్దదాని కొలతకు పెంచి పక్కపక్కన పెట్టాలి. చీర అంచు, వెనకున్న బోర్డు మీది చిన్న అక్షరాలు, తలవెంట్రుకలు చూడాలి. తేడా లేకపోతే మిగతా చుక్కలన్నీ ఉత్తవే. ఫ్రేము మధ్యలో తేటగా ఉండి అంచుల్లో మసకగా ఉంటే మాత్రం తప్పు స్కానర్‌ది కాదు, వంపు తిరిగిన ఫిల్ముది. కవర్లో పెట్టి పుస్తకాల బరువు కింద కొన్నాళ్లు ఉంచితే చాలావరకు చదునవుతుంది.

ఊహ అంతా చెడ్డదేమీ కాదు. దుమ్ము తొలగించే పద్ధతిలోనూ ఊహ ఉంది, కాకపోతే అక్కడ సాక్ష్యం ఉంది. డిజిటల్ ఐస్ అనే ఈ పద్ధతిని అమెరికాలోని ఆస్టిన్‌లో ఉన్న అప్లయిడ్ సైన్స్ ఫిక్షన్ కంపెనీ తయారుచేసింది. ఎరుపు, పచ్చ, నీలం కాంతులతో పాటు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కూడా ఫిల్ము గుండా పంపుతారు. కలర్ నెగటివ్‌ను కడిగేటప్పుడే అందులోని వెండి పోయి రంగులు మాత్రమే మిగులుతాయి. ఇన్‌ఫ్రారెడ్‌కు ఆ రంగులు అడ్డు కావు కాబట్టి అది బొమ్మంతటినీ అద్దంలా దాటిపోతుంది. దుమ్ము కణమూ గీతా మాత్రం అడ్డుపడి నల్లగా తేలతాయి. ఎక్కడ మచ్చ ఉందో కచ్చితంగా తెలిసింది కనుక, అక్కడ మాత్రమే చుట్టుపక్కల రంగుతో పూడుస్తారు. ఇంటర్‌పొలేషన్ ఫ్రేమంతా ఊహిస్తుంది, ఇది చూపించిన చోటే ఊహిస్తుంది. అయినా స్కాన్‌కు ముందు రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టడం మానకూడదు. పెద్ద నలుసు కింద ఎవరి ముఖం ఉందో ఏ కాంతికీ తెలియదు.

అమెరికా వెళ్లిన బంధువులు 1970ల్లో పంపిన స్లయిడ్లు ఉంటే వాటి ఫ్రేము మీద కోడాక్రోమ్ అన్న పేరు ఉందేమో చూడాలి. ఆ ఫిల్ములోని రంగు ఇన్‌ఫ్రారెడ్‌ను కొంత అడ్డుకుంటుంది. ముదురు భాగాల్లో సన్నని వివరాలను యంత్రం దుమ్మనుకుని చెరిపేసే ప్రమాదం ఉంది. ఐస్‌తో ఒకటి, లేకుండా ఒకటి స్కాన్ చేసి పోల్చుకున్నాకే మిగతా పెట్టె మొదలుపెట్టాలి.

కృష్ణా డెల్టాలో దుమ్ము కన్నా మొండి శత్రువు తేమ. బూజు ఫిల్ము మీది జెలటిన్‌నే తిని, సాలెగూడు పోగుల్లాంటి మచ్చలు మిగులుస్తుంది. అలాంటి ముక్కను కుళాయి కింద పెట్టడం మహా తప్పు. బూజు తిన్న జెలటిన్ నీళ్లలో కరుగుతుంది, బొమ్మ కూడా దాంతో పోతుంది. నీళ్లు కలవని ఫిల్ము క్లీనరుతో మెత్తగా తుడవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పటి లాంటి స్థితిలో పద్ధతి పూర్తిగా వేరు. అప్పుడే తడిసిన నెగటివ్‌లను దొంతరగా ఎండబెడితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాటిని చల్లని శుభ్రమైన నీళ్లలోనే ఉంచి, మెల్లగా విడదీసి, క్లిప్పులతో నీడన వేలాడదీయాలి. ఈ పని ఒకటి రెండు రోజుల్లోనే జరగాలి.

పాత స్టూడియో కవర్లలో బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు దొరికితే ఐస్‌ను ఆపేయాలి. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారు చేసిన ‘ఇందు’ అయినా, జర్మనీ నుంచి వచ్చిన ఓర్వో అయినా, వాటిలో బొమ్మంటే వెండి రేణువులే. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది కాబట్టి యంత్రానికి ముఖం కూడా దుమ్ములాగే కనిపించి, మైనం బొమ్మలు తయారవుతాయి. అక్కడ మిగిలేది చేతిపనే. మౌసు పట్టుకుని ఒక్కో మచ్చనూ విడిగా పూడ్చాలి. ఫ్రేమంతటికీ ఒకేసారి పట్టించే దుమ్ము ఫిల్టరు జోలికి పోకూడదు, దానికి మచ్చకూ కనురెప్ప వెంట్రుకకూ తేడా తెలియదు. ముందు ముఖాలు, తర్వాత చేతులు, చివర ఆకాశం. వెనక గోడ మీది మచ్చలను వదిలేసినా ఎవరూ అడగరు.