నల్లి అనుకున్న ఫొటోలు

మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. మూడూ హైదరాబాదులో ఒకే ఫ్లాటులో తీసినవి. ఆ ఇంట్లో ఒక లాబ్రడార్ ఉంది, ఈమధ్యే ఎవరి దగ్గరో కొన్న పాత దివాన్ కూడా ఉంది. మొదటి ఫొటోలో గోడ మీద, స్విచ్ బోర్డుకి బాగా పైన, బూడిదరంగు ఉండ ఒకటి ఉంది. రెండోదాంట్లో లేత నీలం దుప్పటి మీద పొడుగ్గా సాగిన ఎర్రటి పురుగు. మూడోది సెల్లోటేపు కింద నొక్కుకుపోయిన ముదురు గోధుమరంగు ప్రాణి, చాలా చిన్నది. ఇంటాయన మూడింటికీ కలిపి ఒకే మాట రాశారు: "నల్లులండీ. పరుపులకి మందు కొట్టించాం, అయినా పోవట్లేదు."

పోకపోవడానికి కారణం ఫొటోల్లోనే ఉంది. అవి మూడు వేరువేరు జీవులు. మొదటిది పిడుదు, రెండోది నిజంగానే నల్లి, మూడోది కుక్క ఒంటి మీద గెంతే ఫ్లీ. మూడూ నెత్తురు తాగి బతికేవే కాబట్టి మనిషి కంటికి ఒకే జాతిలా కనిపించడం సహజం. నెట్‌లో దొరికే పోలిక పటాల్లో రంగు, సైజు మొదటి గళ్లలో ఉంటాయి. నా దృష్టిలో ఆ రెండూ చివర చూడాల్సినవి. ఆకలి మీదున్న పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్ల పొడవుతో, కాగితంలా పల్చగా, గోధుమరంగులో ఉంటుంది. కడుపు నిండాక అదే నల్లి పొడవు సాగి, ఉబ్బి, ఎర్రబడుతుంది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లయితే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు, గడ్డి రంగు. దాని ఒళ్లు ఎంత పారదర్శకమంటే తాగిన నెత్తురు కడుపులో ఎర్రటి చుక్కలా బయటికే కనిపిస్తుంది. ఇళ్లలో కుక్కలకి పట్టే గోధుమరంగు పిడుదు ఇంకా ఘోరంగా వేషం మారుస్తుంది. ఆకలి మీదున్న ఆడది 3 మిల్లీమీటర్లు, ఎర్రమట్టి రంగు. కుక్కని పట్టుకుని రోజుల తరబడి తాగాక సెంటీమీటరు దాటి, బూడిదరంగులోకి తిరిగి ఆముదం గింజలా తయారవుతుంది. వారం తేడాతో తీసిన రెండు ఫొటోల్లో ఉన్నది ఒకే పురుగని చెప్పినా ఎవరూ నమ్మరు.

మారనిది ఒంటి కట్టు. మొదటి ఫొటోనే తీసుకుందాం. ఆ బూడిదరంగు ఒంట్లో తల, ఛాతీ, పొట్ట అనే విభజన ఎక్కడా లేదు, అంతా ఒకటే సంచి. పొట్ట మీద అడ్డగీతలు లేవు. ముందు కొసన నోటి భాగం చిన్న ముక్కులా బయటికి పొడుచుకొచ్చింది, దాని వెనకే వీపు మీద చిన్న ముదురు పెంకు ఉంది. పెంకు వీపంతా కప్పి ఉంటే మగది, ముందు మాత్రమే ఉంటే ఆడది. మగదానికి ఆ పెంకు సాగదు కనుక అది ఇంతగా ఉబ్బలేదు. ఇక్కడున్నది గుడ్లు పెట్టడానికి సిద్ధమైన ఆడది.

ఇంటాయన కాళ్లు కూడా లెక్కపెట్టారు. "ఆరు కాళ్లు, రెండు మీసాలు, కాబట్టి పురుగే" అని తేల్చారు. పిడుదు ఫొటోల్లో చాలామంది ఇక్కడే పొరబడతారు. పిడుదు సాలీడు వైపు చుట్టం, దానికి మీసాలు ఉండవు, పెరిగినదానికి ఎనిమిది కాళ్లు ఉంటాయి. ముందు జత కాళ్ల కొసన వాసన పట్టే అవయవం ఉంటుంది గనుక నడిచేటప్పుడు వాటిని గాల్లోకి ఎత్తి తడుముతుంది. ఫొటోలో అవి అచ్చం మీసాల్లాగే పడతాయి. అవి మొలిచిన చోటు చూస్తే సంగతి బయటపడుతుంది. మీసం తల మీంచి వస్తుంది, కాలికంటే సన్నగా ఉంటుంది. ఈ జత ఒంటి పక్కల నుంచి, మిగతా కాళ్ల వరసలోనే, అదే లావుతో వచ్చింది. అలాగని ఎనిమిది కాళ్ల లెక్కనే పట్టుకుని వేలాడకూడదు. గుడ్డు పగిలి వచ్చిన పిడుదు పిల్లకి ఆరు కాళ్లే ఉంటాయి. అరమిల్లీమీటరు ఉండే ఆ పిల్ల ఫోన్ కెమెరాలో చుక్కగానే మిగులుతుంది కాబట్టి అక్కడ కాళ్లు లెక్కపెట్టడమే దండగ.

రెండో ఫొటో సాంకేతికంగా నాసి. డిజిటల్ జూమ్ చివరిదాకా లాగారు, ఫ్లాష్ వెలుగు పురుగు వీపు మీద తెల్లగా కొట్టింది, ఫోకస్ పురుగుని వదిలేసి దుప్పటి నేత మీద పడింది. అయినా గుర్తుపట్టే పనికి స్పష్టమైన మొదటిదానికంటే ఈ మసక ఫొటోకే ఎక్కువ మార్కులు వేస్తాను. మసకలోనూ పొట్ట మీద ఒకదాని కింద ఒకటిగా అడ్డపట్టీలు తెలుస్తున్నాయి, ముందు చిన్న తల, దాని మీంచి రెండు మీసాలు, వాటి కీళ్లు కూడా కాస్త ఆనుతున్నాయి. ఛాతీ వెనక రెండు చిన్న గుండ్రటి రేకులు ఉన్నాయి, ఎప్పటికీ ఎగరలేని రెక్కల మొండిముక్కలవి. అన్నిటికంటే పనికొచ్చింది ఫొటో అంచున పొరపాటున పడిన దుప్పటి కుట్టు. దాని వెంబడి నల్లటి మచ్చలు బట్టలోకి ఇంకి, అంచులు చెదిరి ఉన్నాయి. నల్లి మలం ద్రవంగా పడుతుంది కాబట్టే అలా ఇంకుతుంది. మొదటి ఫొటోలో ఉత్త గోడ తప్ప ఇలాంటి సాక్ష్యం ఏదీ లేదు. గోడ పైభాగంలో ఉంది కాబట్టి పిడుదే అందామా అంటే అదీ సగం సాక్ష్యమే. కడుపు నిండిన పిడుదు కుక్క మీంచి రాలి, పైకి పాకి తలుపు చట్రాల్లో, సీలింగ్ మూలల్లో దూరే మాట నిజమే. కానీ బాగా ముదిరిన ఇంట్లో నల్లులు కూడా గోడలెక్కుతాయి.

ఈ రెండు ఫొటోలూ పెద్దవాటివి కాబట్టి పని సులువైంది. అసలు చిక్కు పిల్లల దగ్గర. నెత్తురు తాగిన పిడుదు పిల్ల, నెత్తురు తాగిన నల్లి పిల్ల రెండూ రెండు మూడు మిల్లీమీటర్ల ముదురు బొట్లే. అక్కడ నేను వెనక కొస చూస్తాను. నల్లి పొట్ట చివర కాస్త కోసుగా ఉంటుంది, నెత్తురు నడుమ ముదురుగా కనిపించి అంచులు పాలిపోయి ఉంటాయి. పిడుదు వెనక భాగం గుండ్రం, ఒళ్లంతా ఒకే ముదురు, సన్నబడేది నోటి దగ్గరే.

మూడో ఫొటోలో టేపు కింద ఫ్లీ పక్కకి పడుకుని ఉంది. యాదృచ్ఛికం కాదది. నల్లి పైనుంచి కిందికి అణిగిన పల్చన, ఫ్లీ రెండు పక్కల నుంచి అణిగిన పల్చన. కుక్క బొచ్చులో వెంట్రుకల మధ్య జారిపోవడానికి ఆ కట్టు వీలు. అందుకే నల్లిని పైనుంచి తీస్తే వెడల్పాటి బొమ్మ వస్తుంది, పక్కనుంచి తీస్తే గీత మిగులుతుంది. ఫ్లీ విషయంలో ఇది సరిగ్గా తలకిందులు. రాబర్ట్ హుక్ 1665లో అచ్చేసిన మైక్రోగ్రాఫియాలో మడత విప్పి చూడాల్సినంత పెద్ద ఫ్లీ బొమ్మ ఉంది. ఆయనా దాన్ని పక్కనుంచే గీశాడు. ఇప్పటి ఫోన్ ఫొటోలకి ఆ బొమ్మ ఇంకా మంచి కొలబద్దే. పొడవాటి వెనక కాళ్లు, వంపు తిరిగిన వీపు, ఒంటి మీద వెనక్కి వాలిన ముళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. మన టేపు ఫొటోలో మీసాలు కనబడవు, దాంతో ఇంటాయనకి మళ్లీ అనుమానం వచ్చింది. ఫ్లీ మీసాలు తల పక్కనున్న గాడిలో ముడుచుకుని ఉంటాయి. మీసం లేకపోతే పిడుదే అన్న సూత్రం ఇక్కడ చెల్లదు.

ఆ టేపుని వెలుతురుకి ఎదురుగా పట్టి, ఫోన్‌కి చిన్న మాక్రో లెన్స్ తగిలించి మళ్లీ తీయమన్నాను. ఈసారి నోటి పక్కన, మెడ వెనక నల్లటి ముళ్ల వరసలు దువ్వెన పళ్లలా తేలాయి. అంటే పిల్లులకీ కుక్కలకీ పట్టే రకం. ప్లేగుకి పేరుపడ్డ ఎలుకల రకానికి ఈ రెండు వరసలూ ఉండవు. 1898లో పాల్ లూయీ సీమోఁ కరాచీలో ప్లేగును ఎలుక నుంచి ఎలుకకి మోసేది ఫ్లీయేనని ప్రయోగం చేసి చూపించిన తర్వాత ఆ తేడాకి విలువ పెరిగింది. ఇంట్లో ఎలుకలు కూడా ఉంటే ఈ వరసల కోసం వెతకడం వృథా శ్రమ కాదు.

మంచి ఫొటో కావాలంటే ఫోన్‌ని పురుగు మీదికి తోసేయకూడదు. చాలా ఫోన్ల మామూలు లెన్స్ మరీ దగ్గరికి వెళ్తే ఫోకస్ పట్టదు. ఓ పది పన్నెండు సెంటీమీటర్లు ఎడంగా పట్టుకుని రెండింతల జూమ్‌తో తీసి, తర్వాత కత్తిరించుకోవడం మేలు. ఫ్లాష్ ఆపేసి, టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేస్తే పొట్ట మీది గీతలు నీడలతో తేలతాయి. పురుగుని కాసేపు స్పిరిట్‌లో వేసి తెల్ల కాగితం మీదికి తీస్తే కదలదు. పక్కనే స్కేలు పెట్టి వీపు ఒకసారి, వెల్లకిలా తిప్పి ఒకసారి తీయాలి. కాళ్లు ఎక్కడి నుంచి మొలిచాయో, నల్లి ముక్కు తల కింద ఎలా మడిచి ఉందో వెల్లకిలా ఫొటోయే చెప్తుంది. పట్టుకున్న చోటుని కూడా విడిగా ఒక ఫొటో తీయాలి.

ఇంతా చేసినా ఫొటో ఒకచోట ఆగిపోతుంది. గబ్బిలాల గూళ్లలో ఉండే నల్లి చుట్టానికీ మన మంచం నల్లికీ తేడా మెడ పక్కన వెంట్రుకల పొడవులో ఉంటుంది, అది సూక్ష్మదర్శిని కిందే తేలుతుంది. ఆ ఇంటివాళ్లు చేతుల మీది దద్దుర్ల ఫొటోలు కూడా పంపారు, వాటిని నేను పక్కన పెట్టేశాను. ఒక్కొక్కరి చర్మం ఒక్కోలా స్పందిస్తుంది కాబట్టి మూడు దద్దుర్లు వరసగా ఉన్నాయని నల్లి మీద కేసు పెట్టలేం.

పరుపులకి కొట్టిన మందు నల్లుల మీద కొంత పనిచేసి ఉండొచ్చు, కానీ దివాన్ కీళ్లని వాళ్లు ముట్టుకోలేదు. పిడుదులకి, ఫ్లీలకి అసలు తిండి పెడుతున్నది కుక్క. దానికి పశువుల డాక్టరు చేత మందు వేయించకుండా గదులన్నీ తడిపినా అవి మళ్లీ పుట్టుకొస్తాయి. ఫ్లీ విషయంలో ఇంకో మెలిక ఉంది. దాని గూటి పురుగు పట్టు కోశంలో మందుకి అందకుండా దాక్కుని, అడుగుల అదురు తగిలినప్పుడు బయటికి దూకుతుంది. మందు వేయించిన కొన్ని వారాల వరకు కొత్తవి కనిపించడం వైఫల్యం కాదని ఇంటాయనకి చెప్పాల్సి వచ్చింది.

తర్వాత నాలుగో ఫొటో వచ్చింది. కుక్క పడుకునే పాత దుప్పటి మీద నల్లటి రవ్వలు. నల్లి మచ్చల్లా బట్టలోకి ఇంకలేదు, పైపైనే పొడిగా ఉన్నాయి. పార్కు మట్టి కావచ్చు, ఫ్లీ మలం కావచ్చు, ఫొటోలో రెండూ ఒకటే. ఆ రవ్వల్ని తడి టిష్యూ మీద దులిపి కాసేపాగి చూడమన్నాను. మట్టయితే మట్టిగానే ఉండిపోవాలి. ఆయన పంపిన ఐదో ఫొటోలో ఒక్కో రవ్వ చుట్టూ తుప్పురంగు వలయం పాకింది, అది కుక్క నెత్తురు.