ఆ 30 సెకన్లు

కొత్త పెట్టె కొంటే పాత జబ్బు పోతుందనే నమ్మకం మీద ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు విరుచుకుపడ్డానో పాత పాఠకులకు తెలుసు. ఈ వారం మళ్లీ తప్పలేదు. తెలిసిన ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో స్విచ్‌లు మార్చారు. ‘‘ఇవి ర్యాపిడ్ స్పానింగ్ ట్రీవి సార్, క్షణాల్లో లేస్తాయి’’ అని అమ్మినతను భరోసా ఇచ్చాడట. తీరా పొద్దున్నే కంప్యూటర్లు ఆన్ చేస్తే పాత కథే: కేబుల్ దగ్గర లైటు వెలుగుతుంది, నెట్‌వర్క్ మాత్రం రాదు. ఐపీ అడ్రస్ అందక కొన్ని యంత్రాలు 169.254తో మొదలయ్యే నంబరేదో తామే తగిలించుకున్నాయి.

ఈ ఆలస్యం మూలం 1985 నాటిది. రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలుంటే, అందరికీ వెళ్లాల్సిన ఒక్క ఫ్రేమ్ ఆ చక్రంలో తిరుగుతూనే ఉంటుంది. ఇన్ని మజిలీలు దాటాక చచ్చిపో అని చెప్పే లెక్క ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో లేదు. అది తిరుగుతూ, పెరుగుతూ నెట్‌వర్క్‌ను ముంచేస్తుంది. డెక్ కంపెనీలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ దీనికి విరుగుడు కనిపెట్టారు. స్విచ్‌లు తమలో తాము బీపీడీయూ అనే చిన్న సందేశాలు పంపుకుని, ఒకదాన్ని రూట్‌గా ఎన్నుకుని, చక్రం పడకుండా అదనపు దారులు మూసేస్తాయి. ఆ పరిశోధన పత్రాన్ని ఆవిడ ఓ కవితతో మొదలుపెట్టారు. జాయిస్ కిల్మర్ చెట్ల కవితకు పేరడీ అది. అంత పొడి విషయానికి కవిత రాసిన మనిషంటే నాకు మొదటినుంచీ ఇష్టం. మన సాంకేతిక పుస్తకాల్లో ఆ సరదా ఎందుకు రాదన్నది నా పాత ఏడుపు, దాని జోలికి ఇప్పుడు పోను.

ఆ పాత పద్ధతిలో, అంటే 802.1డీలో, తీగ తగిలిన పోర్టు 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు అడ్రస్‌లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే గేటు తీస్తుంది. ఒక కొస నుంచి ఇంకో కొసకు ఏడు స్విచ్‌ల దాకా ఉండొచ్చనుకుని, కబురు అంతదూరం చేరడానికి వేసిన లెక్క అది. 2001లో వచ్చిన ర్యాపిడ్, అంటే 802.1డబ్ల్యూ, గడియారాన్ని నమ్ముకోకుండా అడిగి తెలుసుకుంటుంది. ‘‘ఈ దారి తెరవనా?’’ అని ఇవతలి స్విచ్ అడుగుతుంది. అవతలిది ‘‘సరే’’ అనగానే తెరుస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. తీగకు ఆ చివర ఉన్నది స్విచ్ కాదు, కంప్యూటర్. దానికి బీపీడీయూ భాష రాదు, ‘‘సరే’’ అనదు. జవాబు రాకపోతే ర్యాపిడ్ మళ్లీ పాత గడియారాన్నే పట్టుకుంటుంది: 15, ఇంకో 15. బూట్ ప్రోగ్రామ్ చేతిలోంచి ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలోకి వెళ్లేటప్పుడు నెట్‌వర్క్ కార్డు లింకును ఓసారి తెంపిందంటే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. కొన్ని కంపెనీల స్విచ్‌లు మూడు సెకన్లు చెవొగ్గి, ఏ బీపీడీయూ రాకపోతే ఇది అంచు పోర్టని వాటంతటవే తేల్చుకుంటాయి. ఈ ల్యాబ్‌లోవి అలాంటివి కావు. మనమే చెప్పాలి:

```
interface range GigabitEthernet1/0/1 - 22
 spanning-tree portfast
 spanning-tree bpduguard enable
```

రెండో పంక్తి ఆ పోర్టును ఎడ్జ్ పోర్టుగా చేస్తుంది. ఇక లింకు రాగానే ట్రాఫిక్ నడుస్తుంది. `show spanning-tree` కొడితే ఆ పోర్టు ఎదురుగా `P2p Edge` అని కనబడాలి. ఉత్త `P2p` అని ఉంటే సెట్టింగ్ ఎక్కలేదన్నమాట.

ఇంతవరకూ రాశాక, ర్యాపిడ్ వల్ల కంప్యూటర్‌కు ఒరిగిందేమీ లేదని తేల్చేద్దామనుకున్నాను. కానీ సంగతి అంతకన్నా తిరకాసుగా ఉంది. ల్యాబ్ స్విచ్ నుంచి మెయిన్ స్విచ్‌కు పోయే తీగను ఎవరో పీకి మళ్లీ పెట్టారనుకుందాం. పైనుంచి ‘‘తెరవనా?’’ అని ప్రశ్న వస్తుంది. ‘‘సరే’’ అనే ముందు ల్యాబ్ స్విచ్, కిందెక్కడా చక్రం పడకుండా, ఎడ్జ్ కాని తన పోర్టులన్నీ మూసేస్తుంది. మెయిన్ స్విచ్‌తో లింకు క్షణంలో లేస్తుంది. అప్పటిదాకా శుభ్రంగా పనిచేస్తున్న కంప్యూటర్లేమో ఒక్కసారిగా అరనిమిషం మూగబోతాయి. పాత పద్ధతిలో ఎడ్జ్ సెట్టింగ్ ఒక సౌకర్యం. ర్యాపిడ్‌లో అది లేకపోతే ఆ వేగం కంప్యూటర్ల మీదికే తిరగబడుతుంది. పైగా ఎడ్జ్ కాని పోర్టులో ఒక పీసీ ఆన్ అయితే చాలు, టోపాలజీ మారిందని కబురు పోయి, మిగతా స్విచ్‌లన్నీ నేర్చుకున్న అడ్రస్‌లు చెరిపేసుకుంటాయి.

మరి తయారీదార్లే అన్ని పోర్టులనూ ఎడ్జ్ చేసి పంపకూడదా? నేనూ ఇన్నాళ్లూ అదే వాదించేవాణ్ణి. ఇప్పుడు వద్దంటాను. గోడలోని సాకెట్ వెనక టేబుల్ కింద ఎవరు ఏం తగిలిస్తారో పెట్టెకు తెలియదు. తగిలిన స్విచ్ బీపీడీయూ పంపితే మూడో పంక్తిలోని గార్డు పోర్టును ఆపేస్తుంది, `err-disabled` అని చూపిస్తుంది. బీపీడీయూలను మింగేసే చవక స్విచ్ తగిలిస్తే గార్డుకూ ఆనవాలు దొరకదు. అందుకే ఆ ల్యాబ్ కుర్రాడికి, ఒక్కో తీగ ఎక్కడికి పోతోందో నడిచి చూసొచ్చాకే ఆ మూడు పంక్తులూ కొట్టమన్నాను. మెయిన్ స్విచ్‌కు పోయే 23, 24 పోర్టుల్లో మాత్రం కొట్టొద్దన్నాను.