గైడ్‌కి రాసే ఉత్తరం

“అనివార్య కారణాల వల్ల పరిశోధనాంశం మార్చుకోవలసి వస్తోంది. దయచేసి అనుమతించగలరు.” మా మేనకోడలు తన గైడ్‌కి పంపబోయే ముందు ఒకసారి చూడమని ఈ వారం నాకు పంపిన ఉత్తరంలో విషయం ఇంతే. మిగతాదంతా నమస్కారాలు. నాకు నిజంగా చిరాకేసింది. ఉత్తరం అన్నాక ఏం జరిగిందో చెప్పాలి, ఏం కావాలో అడగాలి అని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. వెంటనే ఫోన్ చేశాను.

“సార్‌కి అన్నీ తెలుసు మామయ్యా, మళ్లీ రాయడమెందుకు?” అంది.

ఆయనకు తెలిస్తే సరిపోదు. అంశం మార్పు ఆయన ఒక్కడి చేతిలో లేదు. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పెట్టాలి. అక్కడ మిగతా ఇద్దరు ప్రొఫెసర్లు అడిగేవి ఈ ఉత్తరం లోంచే పుడతాయి. పరిశోధన చేస్తున్న చోటివాళ్లు పొమ్మన్నారా, నువ్వే మానుకున్నావా? రాతలో ఉందా, నోటిమాటా? ఇప్పటిదాకా సేకరించినదాంట్లో ఏది పనికొస్తుంది? ఇంకెన్నాళ్లు పడుతుంది? యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు. ఆ లెక్క చేరిన తేదీ నుంచే మొదలవుతుంది. అంశం మారిందని గడియారం వెనక్కి తిరగదు.

జరిగిందేమిటంటే, తన థీసిస్ భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఆడవాళ్ల పని మీద. తలలు తీయడం, పెంకు ఒలవడం, వీపు మీద నల్లటి నరం లాగడం, కౌంటు ప్రకారం సైజులు వేరుచేయడం. యాజమాన్యం కాగితం మీదే అనుమతి ఇచ్చింది. ఫ్లోర్ మీద నిలబడి చూసింది, రాసుకుంది. ఈమధ్య ఒకరోజు మేనేజరు ఫోన్ చేసి, బయ్యర్ల ఆడిట్ ఉంది, ఇక రావద్దన్నాడు. ఆడిట్ అయ్యాక అడిగితే మాట దాటేశాడు.

రెండో చిత్తు పంపింది. ఈసారి జరిగినదంతా ఉంది. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “అదే అంశాన్ని ప్లాంటు బయట ఇంటర్వ్యూల ద్వారా పూర్తి చేస్తాను” అని రాసింది. గైడ్‌కి రాసే ఉత్తరంలో అసలు విషయం ఇక్కడే ఉంది, చాలామంది జారిపోయేదీ ఇక్కడే. చోటు మారితే ప్రశ్న కూడా మారుతుంది.

తన నోట్సులో ఒక పేజీ చూడండి. స్టీలు బల్ల చుట్టూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఐసు కలిపిన నీళ్లు, చేతులకు గ్లోవ్స్. ఒలిచిన రొయ్య కాటా దగ్గరికి వెళ్తుంది. కొత్తగా చేరినవాళ్లను తలలు తీసే బల్ల దగ్గర నిలబెడుతున్నారు. కాటా రాసే సూపర్‌వైజరు పక్కనుండే బల్ల మాత్రం ఎప్పుడూ ఒకే ఊరివాళ్లది. ఈ సంగతి ఏ ఇంటర్వ్యూలోనూ రాదు. వాళ్లు దాస్తారని కాదు, రోజూ చూసేది కాబట్టి చెప్పదగ్గ విషయమని వాళ్లకు తోచదు. చూస్తే తప్ప తెలియనివి ఇవి. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే తెలిసేవి వేరు: పనిలోకి ఎవరు తీసుకొచ్చారు, వ్యాను ఏ సెంటర్లో ఎక్కించుకుంటుంది, మేస్త్రి దగ్గర అడ్వాన్సు ఎంత, ఆ అడ్వాన్సు ఎవరి పెళ్లికి వాడారు, ఏ నెలలో మానేస్తారు, ఎందుకు.

అందుకని కొత్త అంశం ‘ఫ్లోర్ మీద పని క్రమం’ కాదు. ‘ఊళ్ల నుంచి ప్లాంటుకి ఆడకూలీలు ఎలా చేరతారు’ అన్నది. పాత సినాప్సిస్‌లోని పూర్వ పరిశోధనల అధ్యాయం చాలావరకు నిలుస్తుంది. పద్ధతి అధ్యాయం మళ్లీ రాయాలి. ఫ్లోర్ మీది పరిశీలనల అధ్యాయం పోతుంది. పోతుందని ఉత్తరంలో పేరుపెట్టి రాయమన్నాను. ఏం వదులుకుంటున్నారో రాయనివాళ్లు రెండేళ్ల తరవాత వైవాలో, “ఫ్లోర్ మీద పర్యవేక్షణ గురించి ఏమీ లేదేం?” అన్న ప్రశ్న దగ్గర దొరికిపోతారు.

ఈ మాటలన్నీ చెప్పిన ఫోన్లోనే తనకి ధైర్యం చెబుదామని హైమెన్‌డార్ఫ్ కథ ఎత్తాను. ఆదిలాబాద్ వైపువాళ్లకు ఆ పేరు చెప్పనక్కర్లేదు. వియన్నాలో పుట్టినవాడు. 1936-37లో కొన్యాక్ నాగాల మధ్య పనిచేశాడు. 1939లో మళ్లీ ఇండియాకి వచ్చేసరికి యుద్ధం మొదలైంది. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్‌వాళ్లు శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లకుండా కట్టడి చేశారు. అలా నాగా కొండలు అందకుండా పోయిన మనిషి నల్లమల చెంచుల దగ్గరికి వెళ్లాడు, ఆ తరవాత గోదావరి పక్కన కొండరెడ్ల దగ్గరికి, ఆదిలాబాద్ గోండుల దగ్గరికి. చెంచుల మీద పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో వచ్చాయి. కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్‌లో చనిపోయాక, ఆ గోండుల భూముల గోడు నిజాం ప్రభుత్వం చెవిన వేసినవాళ్లలో ఈయన ఒకడు. మార్లవాయిలో ఉండి పనిచేశాడు. ఆయన భార్య బెట్టీ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. దారి మూసుకుపోయి ఉండకపోతే తెలంగాణ గిరిజనుల మీద మనకు ఆ పుస్తకాలు ఉండేవి కావేమో.

కథ చెబుతున్నంతసేపూ ఇదే సరైన ఓదార్పు అనుకున్నాను. మేనకోడలు అంతా విని, “మామయ్యా, ఆయన వదిలి వచ్చిన కొండల్లో ఆయనతో మాట్లాడినందుకు ఎవరి ఉద్యోగమూ పోదు కదా” అంది.

ఆ మాట దగ్గర నా వాదం తిరగబడింది. జరిగిందంతా రాయాలని వారమంతా పట్టుబట్టినవాణ్ని. కానీ గైడ్‌కి రాసిన ఉత్తరం గైడ్ దగ్గరే ఉండదు. డిపార్ట్‌మెంట్ ఫైల్లోకి వెళ్తుంది, కమిటీకి జెరాక్సులు వెళ్తాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే సమాచార హక్కు కింద ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. తన రెండో చిత్తులో ప్లాంటు పేరుంది. లోపలికి తీసుకెళ్లిన సూపర్‌వైజరు పేరుంది. కాటా లెక్క గురించి చెప్పిన ఒకావిడ ఊరు పేరు కూడా ఉంది. ఆవిడ ఇప్పటికీ అదే బల్ల దగ్గర నిలబడుతోంది. పరిశోధనకి ఒప్పుకున్నప్పుడు యాజమాన్యం అనుమతి ఉంది, అది ఇప్పుడు లేదు. ఆవిడ ఇచ్చిన సమ్మతి చెల్లుతుందేమో గానీ, అప్పుడు లేని ప్రమాదం ఇప్పుడు ఆవిడ మీద ఉంది.

కాబట్టి మూడో చిత్తులో అనుమతి తేదీ, రద్దు చెప్పిన తేదీ, ఫోన్లో చెప్పారన్న సంగతి, మళ్లీ అడిగిన ప్రయత్నం ఉన్నాయి. ప్లాంటు పేరు లేదు, మనుషుల పేర్లూ ఊళ్లూ లేవు. ‘ఆ వివరాలు తమకు విడిగా, ముఖాముఖి చెబుతాను’ అని ఒక వాక్యం ఉంది. పాత నోట్సు వాడుకోవచ్చో లేదో అనుమతి పత్రంలోని షరతులు చూసి ఎథిక్స్ కమిటీని అడుగుతానని ఉంది. పాత, కొత్త శీర్షికలు పక్కపక్కన ఉన్నాయి. చివర్న రెండు కోరికలు: వచ్చే సెమిస్టరు దాకా ఆగకుండా కమిటీ సమావేశం పెట్టించమని, శీర్షిక మార్పు దరఖాస్తు మీద సంతకం చేయమని.

ఇది చదివే గైడ్‌లకు ఒక విన్నపం. ఇలాంటి ఉత్తరం మీకొస్తే “సరేలేమ్మా, చూద్దాం” అని ఫోన్లో చెప్పి ఊరుకోకండి. ఒప్పుకున్నారో లేదో, ఏ అధ్యాయం ఉంచమన్నారో, కమిటీ ఎప్పుడో తేదీ వేసి రాసివ్వండి. రేపు శీర్షిక ఎందుకు మారిందని ఎవరైనా అడిగితే, ఆ పిల్ల చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.