బొటనవేలి వైపు లెక్క

కమలాపురంలో మా ఇంటి వసారాకు పరిచింది కడప బండలే. పోయిన ఆదివారం సాయంత్రం పదో తరగతి చదివే పక్కింటి పాప ఆ బండల మీద కూర్చుని త్రికోణమితి పట్టికను ఐదోసారి రాస్తా ఉంది. "రాసేటప్పుడు వస్తాది మామా, పేజీ తిప్పితే పోతాది. ఎట్ల గుర్తుండాల?" అని అడిగింది. పరీక్ష హాల్లో కాలిక్యులేటర్ ఉండదు, పట్టికా ఉండదు. చెయ్యి మాత్రం ఉంటుంది.

అందుకే చేతితోనే మొదలుపెట్టాను. ఎడమచెయ్యి చాపితే బొటనవేలు 0 డిగ్రీలు, చూపుడువేలు 30, నడివేలు 45, ఉంగరపు వేలు 60, చిటికెన వేలు 90. ఏ కోణం కావాలో ఆ వేలు ముడవాలి. బొటనవేలి వైపు మిగిలిన వేళ్లు సైన్‌కు, చిటికెన వేలి వైపు మిగిలినవి కాస్‌కు. ఆ లెక్కకు వర్గమూలం తీసి 2తో భాగిస్తే విలువ వచ్చేసినట్టే. 30 కోసం చూపుడువేలు ముడిస్తే బొటనవేలి వైపు ఒకటి, అటువైపు మూడు. కాబట్టి సైన్ 30 అంటే √1/2, అంటే సగం. కాస్ 30 అంటే √3/2. టాన్‌కు 2 అవసరం లేదు. మొదటి మూలం పైన, రెండోది కింద పెడితే 1/√3. చిటికెన వేలు ముడిస్తే కింద సున్నా వస్తుంది. టాన్ 90 ఎందుకు నిర్వచితం కాదో చెయ్యే చెబుతుంది.

చాలామంది దీన్ని 'ఎడమవైపు సైన్, కుడివైపు కాస్' అని నేర్పుతారు. అరచెయ్యి తిప్పితే ఎడమ కుడి అవుతుంది, సైన్ కాస్ అవుతుంది. నేను చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో సరిగ్గా ఇదే తప్పు చేసి వచ్చాను. బొటనవేలు మాత్రం ఎటు తిప్పినా బొటనవేలే. అందుకే దాన్ని గురుతు పెట్టుకోవాలి.

ఏ వేలు ముడిచినా మిగిలేవి నాలుగే. సైన్ వర్గం, కాస్ వర్గం కలిపితే 4/4, అంటే 1 అన్న సూత్రం అందులోనే ఉంది. వర్గమూలం మరిచి సైన్ 60ని 3/2 అని రాశామనుకోండి, అది ఒకటిని దాటింది. ఎదుటి భుజం కర్ణం కన్నా పొడవుండదు కాబట్టి అది తప్పని అక్కడే తెలిసిపోతుంది.

పాపకు నమ్మకం కుదరలేదు. "వేళ్లకూ కోణాలకూ ఏం సంబంధం మామా?" అంది. న్యాయమైన ప్రశ్న. చాక్‌పీసు తీసుకుని నల్లటి బండ మీద రెండడుగుల సమబాహు త్రిభుజం గీశాం. పై మూల నుంచి అడుగుకు లంబం దించితే కింద రెండు ముక్కలు, ఒక్కోటి అడుగు. టేపు పెట్టి లంబం కొలిస్తే ఇరవైముప్పావు అంగుళాల మీద కాస్త వచ్చింది. అడుగుల్లో అది √3. సగం త్రిభుజంలో భుజాలు 1, √3, 2. 30, 60 డిగ్రీల విలువలన్నీ అందులోనే ఉన్నాయి. 45కు రెండడుగుల చదరపు బండే చాలు. మూల నుంచి మూలకు కొలిస్తే దాదాపు 34 అంగుళాలు, అంటే 24కు √2 రెట్లు.

ఆ తర్వాత లెక్క ఒకటి ఇచ్చాను. ఒకచోట నుంచి చూస్తే వాటర్ ట్యాంకు పైభాగం 30 డిగ్రీల ఊర్ధ్వకోణంలో ఉంది. 20 మీటర్లు దగ్గరికి నడిస్తే 60 అయింది. ఎత్తెంత? పాప టాన్ 30ని √3 అని, టాన్ 60ని 1/√3 అని తారుమారు చేసింది. ట్యాంకుకు మిగిలిన దూరం మైనస్ 30 మీటర్లు వచ్చింది. దూరం మైనస్ కాదు కదా! వేళ్లు మళ్లీ ముడిచి సరిచేసుకుంటే దూరం 10 మీటర్లు, ఎత్తు 10√3, అంటే సుమారు 17.3 మీటర్లు.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. 90 డిగ్రీలను 24 మెట్లు చేసి, మెట్టు మెట్టుకూ జ్య ఎంత పెరుగుతుందో అక్షరాల్లోకి మార్చి ఆర్యభటుడు ఒకే పద్యంలో ఇమిడ్చాడు. మొదటిది 225, తర్వాత 224, 222... 30 డిగ్రీలకు ఎనిమిది మెట్లు. ఎనిమిదీ కూడితే 1719. ఆయన తీసుకున్న వ్యాసార్ధం 3438లో అది సరిగ్గా సగం. కంఠస్థం చేసినవాడు ఈ ఎనిమిదిలో ఒక్క అక్షరం తప్పినా ఈ కూడికలో పట్టుబడతాడు.

వేళ్ల పద్ధతికి ఎల్లలున్నాయి. 15 డిగ్రీలకు వేలు లేదు, రెండు వేళ్ల మధ్య సందులో వెతికితే దొరకదు. ఆ ఐదు కోణాలకే అది పనికొస్తుంది. వేగానికి వేళ్లు, అనుమానం వస్తే త్రిభుజం.

మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే పట్టికను ఆరోసారి రాయించకండి. ఒక చాక్‌పీసూ టేపూ చేతికిచ్చి, నేల మీద త్రిభుజం గీసి కొలవమనండి.