పర్మాంగనేట్ టైట్రేషన్: తప్పిన రీడింగ్ చెప్పే సంగతులు

పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం గాఢతను ఆక్సాలిక్ ఆమ్లంతో కనుక్కోవడం ఇంటర్ స్థాయి రసాయనశాస్త్ర ప్రాక్టికల్స్‌లో ఎప్పటినుంచో ఉన్న ప్రయోగం. పర్మాంగనేట్‌ను తూచి నీళ్లలో కలిపినంత మాత్రాన దాని గాఢతను నమ్మలేం. అందులో కొంత మాంగనీస్ డయాక్సైడ్ కలిసే ఉంటుంది, వెలుతురు తగిలితే ద్రావణం ఇంకొంత విడిపోతుంది. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలకు ఆ ఇబ్బంది లేదు. 1.576 గ్రాములు తూచి, కరిగించి, 250 మిల్లీలీటర్ల గీత వరకు నీళ్లు పోస్తే 0.05 మోలార్ ప్రమాణ ద్రావణం వస్తుంది. దాన్ని ఆధారంగా పెట్టుకుని పర్మాంగనేట్‌ను కొలుస్తారు.

పర్మాంగనేట్‌తో టైట్రేషన్ చేసే పద్ధతిని 1846లో ఫ్రెంచి రసాయనవేత్త మార్గరిట్, ఇనుమును కొలవడానికి తెచ్చాడు. ఈ విద్యను 1855లో పాఠ్యగ్రంథంగా కూర్చిన జర్మన్ ఔషధ నిపుణుడు మోర్ పేరు మీద రబ్బరు గొట్టం, క్లిప్పు ఉన్న బ్యూరెట్ ఒకటి ఉంది. పర్మాంగనేట్ రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి ఈ ప్రయోగానికి మాత్రం అది పనికిరాదు, గాజు కుళాయి ఉన్నదే వాడాలి.

చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. పిపెట్‌తో 20 మిల్లీలీటర్ల ఆక్సాలిక్ ఆమ్లాన్ని శంకు కుప్పెలోకి తీసి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, 60–70 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తారు. బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్‌ను వదులుతూ కుప్పెను తిప్పుతుంటారు. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్నంతసేపూ ఊదా రంగు పోతూనే ఉంటుంది. అదంతా అయిపోయాక పడిన చుక్క లేత గులాబీ రంగును నిలుపుతుంది, అర నిమిషం పాటు ఆ రంగు పోకపోతే అది అంత్య బిందువు. వేరే సూచిక అక్కర్లేదు.

2MnO₄⁻ + 5C₂O₄²⁻ + 16H⁺ → 2Mn²⁺ + 10CO₂ + 8H₂O

ఈ చర్యలో ఒక విచిత్రం ఉంది. మొదటి చుక్క పడగానే రంగు పోదు. వేడి చేసిన ద్రావణంలో కూడా కాసేపు గులాబీగా నిలబడి, ఆ తర్వాత మెల్లగా తేలిపోతుంది. చర్యలో పుట్టే మాంగనీస్ అయానే ఆ చర్యకు ఉత్ప్రేరకం కావడం దీనికి కారణం. మొదట్లో అది లేదు, కొంత పుట్టాక చర్య వేగం అందుకుంటుంది. మొదటి చుక్క రంగు పూర్తిగా పోయేదాకా రెండో చుక్క వేయకూడదని ల్యాబులో చెప్పేది ఇందుకే.

ఈ నియమం తెలియని ఒక విద్యార్థిని ప్రయోగాన్ని చూద్దాం. ఆమె మొదటి కుప్పెను వేడి చేయకుండానే మొదలుపెట్టింది. రంగు పోకపోవడం చూసి, చుక్కలు చాలలేదేమో అనుకుని కుళాయిని ధారగా తిప్పింది. కుప్పెలో గులాబీ రంగుకు బదులు గోధుమ రంగు మడ్డి కమ్ముకుంది. అది మాంగనీస్ డయాక్సైడ్. వేడి, ఆమ్లం చాలకపోయినా, పర్మాంగనేట్ ఒక్కసారిగా ఎక్కువ పడినా ఇది ఏర్పడుతుంది. సరైన చర్యలో ఒక్కో పర్మాంగనేట్ అయాన్ 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, ఈ మడ్డిగా మారి ఆగిపోతే 3 మాత్రమే తీసుకుంటుంది. అందువల్ల అదే పనికి పర్మాంగనేట్ ఎక్కువ ఖర్చవుతుంది. ఆమె రీడింగ్ 21.4 మిల్లీలీటర్లు వచ్చింది.

రెండోసారి భయంతో కుప్పెను బాగా మరిగించింది. మరీ వేడెక్కితే ఆక్సాలిక్ ఆమ్లం కొంత తనంతట తానే విడిపోతుంది, పర్మాంగనేట్‌కు పని తగ్గుతుంది. రీడింగ్ 19.6కు దిగింది. మూడోసారి వేడి సరిగ్గానే ఉంది కానీ, బ్యూరెట్ కొసలో ఒక గాలి బుడగ ఉండిపోయింది. ప్రయోగం మధ్యలో బుడగ జారిపోయి, ఆ ఖాళీలోకి 0.3 మిల్లీలీటర్ల ద్రావణం చేరింది. బ్యూరెట్‌లో మట్టం ఆ మేరకు తగ్గింది, కుప్పెలో మాత్రం అది పడలేదు. రీడింగ్ 20.3.

మూడింటి సగటు 20.4. అసలు రావలసింది 20.0 అని తెలిస్తే, ఈ సగటు అంత దూరమేమీ కాదని అనిపిస్తుంది. కానీ ఇది మూడు వేర్వేరు తప్పులు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకోగా మిగిలిన సంఖ్య, దానికి ఏ విలువా లేదు. ఒకదానికొకటి 0.1 మిల్లీలీటర్ లోపు కలిసే రీడింగులు వచ్చేదాకా మళ్లీ చేయాలన్న ఆనవాయితీ ఉన్నది ఇలాంటి సగటులను అడ్డుకోవడానికే. ఒక చుక్క దాదాపు 0.05 మిల్లీలీటర్ ఉంటుంది కాబట్టి, రెండు చుక్కల తేడాకు మించి ఒప్పుకోరన్నమాట.

ఈసారి ఆమె నిదానించింది. కుళాయిని పూర్తిగా తెరిచి కొసలోని బుడగను తరిమేసింది. బ్యూరెట్ మీది గరాటును తీసేసింది, లేకపోతే అందులోంచి చుక్క జారి మట్టాన్ని మార్చేస్తుంది. ముదురు రంగులో కింది వంపు కనబడదు కనుక ద్రావణం పై అంచును కంటి ఎత్తులో ఉంచి చదివింది. మొదలూ చివరా రెండూ పై అంచునే చదివితే తేడాలో పొరపాటు రాదు, ఒకసారి పైన, ఒకసారి కింద చదివితేనే ప్రమాదం. కుప్పెను పొగలు వచ్చేదాకా, మరగకుండా వేడి చేసింది. మొదటి చుక్క తేలిపోయేదాకా కుప్పెను తిప్పుతూనే ఉంది. రీడింగులు 20.5, 20.5, 20.5.

మూడూ అచ్చంగా కలిశాయి, మూడూ తప్పే. రీడింగులు కలవడం వల్ల చేయి నిలకడగా ఉందని మాత్రమే తెలుస్తుంది, ప్రతిసారీ ఒకేలా జరిగే తప్పు అందులో బయటపడదు. దాన్ని పట్టుకోవడానికి లెక్చరర్ ఒక చిన్న పరీక్ష చెప్పారు.

"ఈసారి 10 మిల్లీలీటర్లే తీసుకుని చెయ్యమ్మా. రీడింగ్ సరిగ్గా సగమవుతుందో లేదో చూడు."

సగమైతే 10.25 రావాలి. వచ్చింది 10.5. అంటే తీసుకున్న పరిమాణం ఎంతైనా సరే, ప్రతిసారీ 0.5 మిల్లీలీటర్ అదనంగా చేరుతోంది. ప్రమాణ ద్రావణం తూకంలోనో, పర్మాంగనేట్ గాఢతలోనో తేడా ఉంటే రీడింగ్ కూడా పరిమాణంతో పాటే సగమయ్యేది. కాబట్టి వెతకాల్సింది కుప్పె దగ్గరే.

నిదానించిన దగ్గర్నుంచి ఆమె శంకు కుప్పెను కూడా ప్రతిసారీ ఆక్సాలిక్ ఆమ్లంతోనే తొలుస్తోంది. బ్యూరెట్‌ను, పిపెట్‌ను వాటిలో పోయబోయే ద్రావణంతో తొలవాలి, లేదంటే లోపల మిగిలిన నీరు దాన్ని పలచన చేస్తుంది. ఆ అలవాటునే ఆమె కుప్పెకూ వాడింది. కుప్పె విషయం వేరు. అందులో ఎంత నీరు ఉన్నా నష్టం లేదు, ఎందుకంటే పిపెట్ నుంచి పడిన ఆక్సాలిక్ ఆమ్లం మొత్తం ఎంత అన్నదే లెక్క. గోడలకు అంటుకున్న ఆమ్లం మాత్రం ఆ లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది. అందుకని కుప్పెను శుద్ధమైన నీటితోనే కడగాలి.

కుప్పెను నీటితో కడిగి చేసినప్పుడు 20 మిల్లీలీటర్లకు 20.0, మళ్లీ 20.0 వచ్చాయి. 10 మిల్లీలీటర్లకు 10.0. సమీకరణం ప్రకారం 5 మోల్‌ల ఆక్సాలిక్ ఆమ్లానికి 2 మోల్‌ల పర్మాంగనేట్ సరిపోతుంది:

(0.05 × 20) / 5 = (M × 20.0) / 2

దీని నుంచి M విలువ 0.02. లీటరు ద్రావణంలో 3.16 గ్రాముల పర్మాంగనేట్ ఉందని దాని అర్థం. 20.5నే నమ్మి ఉంటే గాఢత 0.0195గా తేలేది. ఆ సీసాలోని పర్మాంగనేట్‌తో తర్వాత కొలిచే ప్రతి ఇనుప లవణం లెక్కా అంతే తక్కువగా వచ్చేది.