ఫొటోలో గీత, సమీకరణంలో కోణం

లెక్కల పుస్తకంలోని ఒక పేజీని ఫోనుతో ఫొటో తీశారనుకుందాం. అందులో మూసుకున్న వక్రం ఒకటి ఉంది. కుడివైపు బాగా ఉబ్బి, ఎడమవైపు మూలబిందువు దగ్గర లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆ నొక్కు దగ్గరే మొదలై, పెద్ద గీత లోపల కుడివైపుకు సాగి తిరిగొచ్చే చిన్న లూపు ఇంకొకటి. ఆ చిన్న లూపులో గీతలు నింపి దాని వైశాల్యం కనుక్కోమన్నారు. కింద సమీకరణం r = 1 + 2cosθ అని ఉంది.

చాలామంది ముందు చేసే పని కోణమాని పెట్టి కొలవడం. లూపు మూలబిందువు నుంచి బయల్దేరే దిశ ఆదిరేఖకు 60 డిగ్రీల పైన, తిరిగొచ్చే దిశ 60 డిగ్రీల కింద. కాబట్టి అవధులు −π/3 నుంచి π/3 అనుకుని సూత్రంలో వేస్తారు. సమాకలనం తప్పు లేకుండా చేస్తే π + 5√3/2, అంటే దాదాపు 7.47 వస్తుంది. ఫొటోలో ఆ లూపు పొడవు 1 యూనిట్. ఎత్తు ముప్పావు యూనిట్ కూడా లేదు. దాని చుట్టూ సరిపోయే దీర్ఘచతురస్రంలో పెడితే ఆ దీర్ఘచతురస్రం వైశాల్యమే 0.74. అందులో ఇమిడే ఆకారానికి 7.47 ఎలా వస్తుంది? కోణాలు సరిగ్గానే కొలిచారు, సమాకలనమూ సరిగ్గానే చేశారు. కానీ ఆ కోణాలు ఈ సమీకరణానివి కావు.

సూత్రం ఎక్కడిదో చూస్తే తికమక ఎక్కడుందో తెలుస్తుంది. మూలబిందువు దగ్గర చాలా సన్నని కోణం dθ తీసుకుంటే, దాని లోపల వక్రం దాకా ఉండే ముక్క దాదాపు ఒక వృత్తపు సెక్టరు. దాని వైశాల్యం ½r²dθ. ఇలాంటి ముక్కలన్నీ కలిపితే మొత్తం వస్తుంది. సమాకలన చిహ్నం పుట్టడానికి చాలా కాలం ముందే, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, ఆర్కిమెడిస్ తన సర్పిలం వైశాల్యాన్ని ఇలాంటి సన్నని సెక్టర్ల మధ్య బిగించే లెక్కకట్టాడు. సర్పిలం మొదటి చుట్టు ఆక్రమించే వైశాల్యం దాన్ని చుట్టే వృత్తంలో సరిగ్గా మూడో వంతని నిరూపించాడు. రెండో చుట్టుకు వచ్చేసరికి ఆ నిష్పత్తి 7కు 12 అన్నాడు. మన భాషలో r = aθ తీసుకుని 2π నుంచి 4π వరకు సమాకలనం చేస్తే అదే 7/12 వస్తుంది. పొరపాటున 0 నుంచి 4π వరకు చేస్తే మొదటి చుట్టు లోపలి భాగం రెండుసార్లు లెక్కలోకి వచ్చి నిష్పత్తి 8/12 అవుతుంది. కిరణం ఒకే చోటును ఎన్నిసార్లు తుడిచిందన్న ప్రశ్న ఈ విద్య పుట్టినప్పటి నుంచీ దాని వెంటే ఉంది.

మన ఫొటోలోని వక్రానికి లిమాసాన్ అని పేరు. బ్లేజ్ పాస్కల్ తండ్రి ఎత్యెన్ పాస్కల్ దీన్ని పరిశీలించాడు, గణితజ్ఞుడు రొబెర్వాల్ దీనికి పేరు పెట్టాడు. వాళ్లకంటే ముందే, 1525లో, చిత్రకారుడు డ్యూరర్ తన కొలతల పుస్తకంలో దీన్ని గీసే పద్ధతి ఇచ్చాడు. కొన్నిసార్లు ఫొటోలో సమీకరణం కత్తిరించుకుపోయి బొమ్మే మిగులుతుంది. అది లిమాసానేనని తెలిస్తే r = a + b cosθ అనుకోవచ్చు. పెద్ద గీత ఆదిరేఖను కుడివైపు 3 దగ్గర కోస్తుంది, కాబట్టి a + b = 3. చిన్న లూపు కొన 1 దగ్గర ఉంది, కాబట్టి b − a = 1. అంటే a = 1, b = 2. ఇది సరైనదో కాదో చూడటానికి నిలువు అక్షం ఉంది. 90 డిగ్రీల దగ్గర కొసైన్ సున్నా కాబట్టి r విలువ a ఒక్కటే. ఫొటోలో గీత నిలువు అక్షాన్ని 1 దగ్గర కోస్తుంటే మన ఊహ నిలబడినట్టు.

ఇప్పుడు అసలు విషయం. పూర్తయిన ముగ్గును చూస్తే గీతలన్నీ కనిపిస్తాయి కానీ, వేసిన చెయ్యి ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిరిగిందో కనిపించదు. ఫొటోలోని ధ్రువ వక్రమూ అంతే. బిందువులు ఎక్కడున్నాయో చెప్తుంది గానీ, θ ఏ విలువ దగ్గర ఉన్నప్పుడు ఏ బిందువు పడిందో చెప్పదు. అవధులు మాత్రం ఆ గీసే క్రమానికి చెందినవి. కాబట్టి పెన్నును మనమే నడిపించి చూడాలి.

θ = 0 దగ్గర r = 3, పెన్ను కుడివైపు చివర ఉంది. 90 డిగ్రీలకు వచ్చేసరికి r = 1, పెన్ను నిలువు అక్షం మీద ఉంది. 120 డిగ్రీల దగ్గర cosθ = −1/2, కాబట్టి r సున్నా. పెన్ను మూలబిందువులోకి వచ్చింది. పెద్ద గీత పైసగం ఇక్కడితో పూర్తయింది. ఇక్కడి నుంచి r రుణాత్మకం. 150 డిగ్రీల దగ్గర r దాదాపు −0.73. కిరణం ఎడమవైపు పైకి చూస్తోంది, కానీ r రుణాత్మకం కాబట్టి బిందువు దానికి సరిగ్గా ఎదురుగా, కుడివైపు కింద, 330 డిగ్రీల దిశలో పడుతుంది. అంటే లూపు కింది సగం ముందుగా గీయబడుతోంది. 180 డిగ్రీల దగ్గర r = −1. కిరణం పూర్తిగా ఎడమకు చూస్తుంటే బిందువు కుడివైపు 1 దగ్గర, లూపు కొన మీద ఉంది. తర్వాత పైసగం గీసుకుంటూ వచ్చి 240 డిగ్రీల దగ్గర పెన్ను మళ్లీ మూలబిందువు చేరుతుంది. అక్కడి నుంచి 360 వరకు పెద్ద గీత కింది సగం.

కుడివైపు కనబడే లూపును గీసింది ఎడమవైపు తిరుగుతున్న కిరణం. కాబట్టి దాని అవధులు 2π/3 నుంచి 4π/3. కోణమాని −60, 60 అని చూపించింది అబద్ధం కాదు. లూపు నిజంగా ఆ కోణాల మధ్యే ఉంది. కానీ θ ఆ కోణాల మధ్య ఉన్నప్పుడు పెన్ను పెద్ద గీత మీద ఉంది. అందుకే 7.47 వచ్చింది. అది పెద్ద గీత కుడిభాగపు వైశాల్యం. పైగా సూత్రంలో ఉన్నది r² కాబట్టి r గుర్తు పోతుంది, తప్పు జరిగిందని చెప్పే రుణ సంఖ్య ఏదీ జవాబులో తేలదు. నన్నడిగితే ఈ అంశంలో విద్యార్థిని ఎక్కువగా మోసగించేది ఇదే.

సరైన లెక్క చిన్నదే. (1 + 2cosθ)² ను విప్పి, 4cos²θ స్థానంలో 2 + 2cos2θ వేస్తే:

½∫(3 + 4cosθ + 2cos2θ)dθ = ½(3θ + 4sinθ + sin2θ)

2π/3 నుంచి 4π/3 వరకు విలువలు వేస్తే 3θ వల్ల 2π, 4sinθ వల్ల −4√3, sin2θ వల్ల √3 వస్తాయి. సగం చేస్తే π − 3√3/2, అంటే సుమారు 0.5435. ఇది 0.74 వైశాల్యం ఉన్న దీర్ఘచతురస్రంలో హాయిగా ఇముడుతుంది.

ఇదే వక్రాన్ని r = −1 + 2cosθ అనే సమీకరణమూ గీస్తుంది. మొదటి సమీకరణంలోని ప్రతి బిందువునూ కిరణం 180 డిగ్రీలు తిప్పి, r గుర్తు మార్చి చెబితే రెండోది వస్తుంది. కాగితం మీద బొమ్మ ఒక్కటే, ఒక్క చుక్క కూడా మారదు. కానీ ఈ సమీకరణంలో చిన్న లూపు −π/3 నుంచి π/3 వరకే గీయబడుతుంది. అక్కడ r ధనాత్మకం కూడా. ఇందులో ఆ అవధులు వేసి చూడండి, మళ్లీ π − 3√3/2 వస్తుంది. కోణమాని చెప్పిన అవధులు సరైనవయ్యేది ఈ సమీకరణానికి. కాబట్టి ఒక స్నేహితుడు −π/3 రాశాడని, పుస్తకం వెనక 2π/3 ఉందని కంగారు పడే ముందు, ఇద్దరూ ఏ సమీకరణం తీసుకున్నారో చూడాలి.

ఎక్కువమంది పడే ఇంకో గొయ్యి 0 నుంచి 2π. వక్రం మూసుకుంది కదా, ఒక పూర్తి చుట్టు తిప్పితే మొత్తం వైశాల్యం వస్తుందనిపిస్తుంది. అలా చేస్తే 3π వస్తుంది, సుమారు 9.42. నిజానికి పెద్ద గీత లోపలి వైశాల్యం −2π/3 నుంచి 2π/3 వరకు చేసే సమాకలనం, అంటే 2π + 3√3/2, సుమారు 8.88. తేడా 0.54 ఎక్కడిది? అది చిన్న లూపే. పెద్ద గీతను గీస్తున్నప్పుడు కిరణం లూపు ఉన్న చోటును ఒకసారి తుడిచింది, లూపు గీస్తున్నప్పుడు మరోసారి. రెండు గీతల మధ్య వైశాల్యం అడిగితే పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి: π + 3√3, సుమారు 8.34. సౌష్ఠవం వాడుకుని సగం లూపును రెట్టింపు చేసేవాళ్లు 2π/3 నుంచి π వరకే వెళ్లాలి. 4π/3 దాకా వెళ్లి మళ్లీ రెండుతో గుణించడం పరీక్ష పేపర్లలో తరచూ కనిపించే తప్పు.

మూడు రేకుల r = cos3θ లోనూ ఇదే గొడవ. అక్కడ పెన్ను π దగ్గరే బొమ్మ పూర్తిచేసి, మిగతా π లో అదే గీత మీద మళ్లీ నడుస్తుంది. అసలు వైశాల్యం π/4. 0 నుంచి 2π వేస్తే దానికి రెట్టింపు వస్తుంది. నాలుగు రేకుల r = cos2θ కు మాత్రం పూర్తి 2π కావాలి. సమీకరణాలు అంత దగ్గరగా ఉన్నా ఒకదానికి సరిపోయిన అవధులు రెండోదానికి సరిపోవు.

జవాబు వచ్చాక ఫొటోతోనే దాన్ని పరీక్షించవచ్చు. మూలబిందువు నుంచి కుడి చివరి వరకు 3 యూనిట్లు. ఫొటోలో ఆ దూరం 900 పిక్సెళ్లయితే యూనిట్‌కు 300, చదరపు యూనిట్‌కు 90,000 పిక్సెళ్లు. చిన్న లూపులో సుమారు 48,900 పిక్సెళ్లు ఉండాలి. ఏదైనా ఫొటో ఎడిటింగ్ యాప్‌లో ఆ భాగాన్ని ఎంచుకుని లెక్కపెట్టవచ్చు, లేదా ప్రింటు తీసి గళ్ల కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెట్టవచ్చు. కాగితం మీద యూనిట్ 2 సెంటీమీటర్లయితే లూపు వైశాల్యం 2.17 చదరపు సెంటీమీటర్లు. అర మిల్లీమీటరు మందం గీతకు లోపలి అంచు దాకా కొలిస్తే అందులో 6 శాతం దాకా తగ్గుతుంది. గీత మధ్య నుంచి కొలవడం మంచిది.

ఫోను ఏటవాలుగా పట్టుకుని తీస్తే కోణాలు చెడిపోతాయి. మూలబిందువు దగ్గరి 60 డిగ్రీలు 50గానో 70గానో కనిపిస్తాయి. అప్పుడు కోణమానిని అసలు నమ్మకూడదు, r = 0 సమీకరణాన్ని సాధించే అవధులు తేవాలి. అయితే పేజీకి కొంచెం దూరంగా నిలబడి తీసిన ఫొటోలో వంపు ఉన్నా, వైశాల్యాలన్నీ దాదాపు ఒకే నిష్పత్తిలో కుదించుకుంటాయి. కాబట్టి లూపు పిక్సెళ్లను పెద్ద గీత లోపలి మొత్తం పిక్సెళ్లతో భాగిస్తే 0.5435/8.8813, అంటే 6 శాతం చిల్లర రావాలి. స్కేలు అక్కర్లేదు, అక్షాలు కనబడకపోయినా ఫర్వాలేదు. 7.47 అని రాసినవారికి అదే నిష్పత్తి 84 శాతం వస్తుంది. ఫొటోను చాలా దగ్గరగా, బాగా వంచి తీస్తే మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, ఎందుకంటే కెమెరాకు దగ్గరున్న వైపు ఎక్కువ, దూరమున్న వైపు తక్కువ పిక్సెళ్లు తీసుకుంటుంది. అలాంటి ఫొటోను ముందు ఫోనులోని డాక్యుమెంట్ స్కానర్‌తో పేజీ నాలుగు మూలల ఆధారంగా సరిచేసి, ఆ తర్వాత లెక్కపెట్టాలి.