నిండుకున్న బియ్యం, పచ్చని రిపోర్టు

మా ఇంట్లో బియ్యం ఎన్నడూ అయిపోలేదు, నిండుకునేవి. అమ్మ వంటింట్లోంచి "బియ్యం నిండుకున్నాయి" అనగానే నాన్న సంచీ తీసుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టేవారు. దీపం ఆరేది కాదు, కొండెక్కేది. తాళి తెగేది కాదు, పెరిగేది. అశుభం పలకకూడదని ఉన్నదానికి సరిగ్గా తిరగేసి చెప్పే మాటలివి. అయినా వాటి అర్థం పొరబడినవాళ్లను నేను చూడలేదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక ఇలాంటి భాషే మరొకటి నేర్చుకున్నాను. ప్రతి శుక్రవారం క్లయింటుకు స్టేటస్ రిపోర్టు వెళ్లాలి. పైన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒక చుక్క, దాని కింద నాలుగు వాక్యాల సారాంశం, ఆ కింద పట్టిక. మొదటి వారం నేను రాసిన వాక్యంలో 'ప్రాబ్లమ్' అని ఉంది. మా మేనేజర్ దాన్ని కొట్టేసి 'చాలెంజ్' అని దిద్దారు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన దిద్దుబాటుకు కారణాలు లేకపోలేదు.

ఒక కారణం సాంకేతికమైనది. చాలా సపోర్టు ప్రాజెక్టులు పాటించే ఐటిల్ పద్ధతిలో 'ప్రాబ్లమ్' అనే మాట మామూలు మాట కాదు. సర్వర్ ఆగిపోతే అది 'ఇన్సిడెంట్'. ఒకటో పదో ఇన్సిడెంట్ల వెనక దాగిన మూలకారణం 'ప్రాబ్లమ్'. ఆ మాట రాస్తే విడిగా ఒక నంబరు తెరవాలి, మూలం తవ్వాలి. రెండో కారణం ఒప్పందం. గడువు తప్పితే జరిమానా ఉన్నచోట, మనం రాసిన ప్రతి మాటా రేపు బేరసారాల బల్ల మీదికి వస్తుంది.

అందుకని మెత్తని మాటలు పుట్టాయి. అయితే అవన్నీ ఒకటి కాదు. పట్టికలో 'రిస్క్' అంటే ఇంకా జరగనిది, జరగవచ్చునేమో అన్నది. 'ఇష్యూ' అంటే ఇప్పటికే జరిగింది. దాని వరసలో బాధ్యుడి పేరు, తేల్చాల్సిన తేదీ, దేని మీద ప్రభావమో రాయాలి. కాబట్టి పట్టికలో ఉన్న ఇష్యూ మెత్తనిదేమీ కాదు. అదే మాట పైకెక్కి సారాంశంలో కూర్చుంటే పేరూ తేదీ రెండూ రాలిపోతాయి, అప్పుడది ఉత్త దూది. 'అడ్డంకి', మా వాడుకలో 'బ్లాకర్', వేలెత్తి చూపే మాట. దారికి అడ్డం పడినదాన్ని మేం తీయలేం, మీరు తీయాలి అని అర్థం. క్లయింటు ఇవ్వాల్సిన అనుమతి రాకపోతే ఇదే సరైన మాట, మన తప్పును కప్పడానికి వాడితే మోసం. ఇక 'చాలెంజ్'. దానికి పట్టికలో గడి లేదు, బాధ్యుడు లేడు, తేదీ లేదు. ఎదుర్కొంటున్న మన శౌర్యం గురించి తప్ప ఎదురైనదాని గురించి అది ఏమీ చెప్పదు. నాకు ఆ మాటంటే ఇప్పటికీ పడదు.

ఒక బ్యాంకు పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి ఖాతాలు మార్చే పని చేశాం. పేరు వద్దు, అంకెలు గుండ్రంగా చెబుతాను. టెస్టింగ్ చేసే అమ్మాయి ఒక సోమవారం ఇలా రాసింది: "4 లక్షల డిపాజిట్లలో 6 వేలకు పుట్టిన తేదీ లేదు. ఆ ఖాతాదారుల్లో 60 దాటినవాళ్లెవరో కొత్త సిస్టమ్‌కు తెలియదు, సీనియర్ సిటిజన్లకిచ్చే అదనపు వడ్డీ వాళ్లకు పడదు." మంగళవారం టీమ్ లీడ్ దాన్ని "డేటా నాణ్యతకు సంబంధించిన ఇష్యూ ఉంది" అన్నాడు. గురువారం మేనేజర్ చేతిలో అది "డేటా మార్పిడిలో కొన్ని చాలెంజ్‌లు, టీమ్ చురుగ్గా పనిచేస్తోంది" అయింది. శుక్రవారం క్లయింటుకు వెళ్లేసరికి "మార్పిడి అనుకున్న ప్రకారం సాగుతోంది", పక్కన పచ్చ చుక్క. ఇలాంటి రిపోర్టును మా రంగంలో పుచ్చకాయ అంటారు. పైన పచ్చన, కోస్తే ఎరుపు.

వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కో మెట్టు మీద ఒక్కొక్కటి రాలింది. ముందు 6 వేలూ వడ్డీ పోయాయి, తర్వాత ఇష్యూ పోయింది, చివరికి అసలు సంగతే పోయింది. మూడు వారాలు అదే వాక్యం కాపీ అయి వెళ్లింది. పుచ్చకాయను కోయకుండా పట్టే గుర్తు ఇదే: పోయిన వారం వాక్యం ఈ వారమూ మార్పు లేకుండా సరిపోతోందంటే, అందులో విషయం లేదు.

ఈ మెత్తదనం ఎంత దూరం వెళ్లగలదో జనరల్ మోటార్స్ కథలో కనిపిస్తుంది. ఆ కంపెనీ చిన్న కార్లలో ఇగ్నిషన్ స్విచ్ పట్టు తక్కువగా ఉండేది. బరువైన తాళాల గుత్తి ఊగినా, మోకాలు తగిలినా తాళంచెవి కదిలి, నడుస్తున్న బండి ఆగిపోయేది. ఆ క్షణంలో గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవు. లోపలి ఇంజినీర్లు దీన్ని ఏళ్ల తరబడి 'వినియోగదారుల సౌకర్యం' అనే వర్గంలో ఉంచారు. 'భద్రత' అనే గడిలో పడి ఉంటే మరో దారిన, మరో వేగంతో కదిలేది. సౌకర్యం గడిలో మాత్రం మరమ్మతు ఖర్చు ఎక్కువంటే పక్కన పెట్టొచ్చు. 2014లో బళ్లను వెనక్కి పిలిచారు, 26 లక్షల దాకా. కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను గుర్తించింది.

అదే ఏడాది మే నెలలో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంలో 3.5 కోట్ల డాలర్ల జరిమానాతో పాటు మరో సంగతి బయటపడింది. 2008లో ఉద్యోగులకు చూపిన స్లైడ్లలో రాయకూడని మాటలు 69 ఉన్నాయి. 'టైటానిక్', 'మృత్యుపంజరం' లాంటివి ఉన్నాయంటే అర్థం చేసుకోవచ్చు, ఇంజినీరు రిపోర్టులో నాటకీయత ఎందుకు? కానీ అదే జాబితాలో 'ప్రాబ్లమ్', 'సేఫ్టీ', 'డిఫెక్ట్' కూడా ఉన్నాయి. ప్రాబ్లమ్ బదులు 'ఇష్యూ' అనో 'కండిషన్' అనో రాయాలి. డిఫెక్ట్ బదులు 'డిజైన్ ప్రకారం పనిచేయడం లేదు' అనాలి. స్విచ్‌ను సౌకర్యం గడిలో వేసింది ఈ జాబితా కంటే ముందే, కాబట్టి నెపమంతా స్లైడ్ల మీద వేయలేం. అప్పటికే ఉన్న అలవాటును అవి పాఠంగా మార్చాయి.

మళ్లీ మా 6 వేల డిపాజిట్లకు వస్తాను. నాలుగో వారం ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ప్రాబ్లమ్ అని రాయనివ్వరు. చాలెంజ్ అని రాస్తే ఎవరికీ పట్టదు. ఏం రాయమంటారు?" అంది. ఆ రెండు మాటలూ వద్దన్నాను. ఇద్దరం కూర్చుని ఇలా రాశాం: "6 వేల డిపాజిట్లకు పుట్టిన తేదీ లేదు. పాత బ్రాంచి దరఖాస్తుల్లో ఉంది. బ్యాంకు నుంచి 12వ తేదీలోగా అందితే 26న మార్పిడి జరుగుతుంది. అందకపోతే ఈ ఖాతాలను వదిలి మిగతావి మారుస్తాం, వీటికి వడ్డీ పాత సిస్టమ్ లోనే లెక్కవుతుంది." చుక్క పసుపు.

చూడండి, అందులో కటువు మాట ఒక్కటీ లేదు. 'సమస్య' లేదు, 'వైఫల్యం' లేదు, ఎవరి తప్పో లేదు. మేనేజర్ రెండుసార్లు చదివారు. కొట్టేయడానికి పదం దొరకలేదు. పసుపు చుక్క మీద మాత్రం కాసేపు వాదించి, చివరికి పంపించారు.

అప్పటిదాకా మా శుక్రవారం రిపోర్టుకు బ్యాంకు వైపు నుంచి ఎవరూ జవాబివ్వలేదు. ఆ సోమవారం పొద్దున్నే ఒక్క వాక్యం వచ్చింది: "ఏయే బ్రాంచీలు?"